‘పెట్టాను’, ‘పెట్టను’, ‘పెట్టాడు’: శబ్దం లేని వీడియోపై ఒక కేస్ స్టడీ

వినికిడి తగ్గినవారికి ఎదుటివారి పెదవుల కదలికను గమనించి మాట పట్టుకోవడం నేర్పడం నా వృత్తిలో పెద్ద భాగం. ఆ కారణంగానే అప్పుడప్పుడు న్యాయవాదులు శబ్దం లేని వీడియోలు తెచ్చి, ఇందులో ఈయన ఏమన్నాడో చెప్పండి అని అడుగుతారు. చాలావాటిని చూసి, చెప్పడం కుదరదని అక్కడికక్కడే తిప్పి పంపుతాను. ఈ కేసును మాత్రం తీసుకున్నాను. పెదవులు ఎక్కడ ఏమీ చెప్పలేవో, ఎక్కడ కొద్దిగా సాయపడతాయో రెండూ ఇందులో స్పష్టంగా కనిపించాయి. మనుషులను గుర్తుపట్టే వీలు లేకుండా ఊరు, బంధుత్వాలు, ఆస్తి వివరాలు మార్చాను. మాటల రూపం, వీడియో లక్షణాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను.

నేపథ్యం

ఒక స్థలం అమ్మకం ఒప్పందం మీద అన్నదమ్ముల కుటుంబాల మధ్య వివాదం. ఒప్పందం రాసింది సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం పక్కనే ఉన్న ఒక దస్తావేజు లేఖరి గదిలో. గది పైకప్పుకు ఒక సీసీ కెమెరా ఉంది. దానికి మైకు లేదు. కుటుంబ పెద్ద బల్ల ముందు కూర్చుని, ఒక సందర్భంలో తల ఎత్తి పక్కనున్నవారితో ఒక చిన్న వాక్యం అన్నారు. ఆ తరువాత కొన్ని నెలలకు పక్షవాతం వచ్చి ఆయనకు మాట పోయింది. ఆ రోజు ఏమన్నారని ఆయననే అడిగే దారి మూసుకుపోయింది.

ఆయన “సంతకం పెట్టను” అన్నారని ఒక పక్షం. కాదు, “డబ్బు ముట్టింది” అన్నారని రెండో పక్షం. రెండు పక్షాలూ వీడియోను పదేపదే చూశాయి. తమకు కావలసిన మాట పెదవుల మీద స్పష్టంగా కనిపిస్తోందని ఇద్దరూ నమ్మకంగా చెప్పారు. వారిలో ఎవరూ అబద్ధం ఆడుతున్నట్టు నాకు అనిపించలేదు. ఏ మాట కోసం చూస్తున్నామో ముందే తెలిస్తే కన్ను ఆ మాటనే చూస్తుంది. మొత్తం కేసులో నేను అన్నిటికంటే జాగ్రత్తపడింది ఈ విషయంలోనే.

అసలు చిక్కు ఎక్కడ

మన వర్ణమాలలో క నుంచి మ వరకు ఉన్న అయిదు వర్గాలను ధ్వని నోట్లో పుట్టే చోటును బట్టి అమర్చారు. క వర్గం నోటి వెనుక భాగంలో పుడుతుంది. చ, ట, త వర్గాలు నాలుక పనితో పుడతాయి. ఈ నాలుగూ పళ్ల వెనుక జరిగేవే. బయటికి తప్పనిసరిగా కనిపించేది పెదవులు మూసుకునే ప వర్గం ఒక్కటే. అక్కడా కన్నుకు తెలిసేది వర్గం మాత్రమే, అక్షరం కాదు. ప, బ, మ మూడింటికీ పెదవులు ఒకేలా మూసుకుంటాయి. బ పలికేటప్పుడు గొంతులో పుట్టే కంపనం గాని, మ పలికేటప్పుడు ముక్కు గుండా పోయే గాలి గాని కెమెరాకు అందవు. అద్దం ముందు గొంతు ఎత్తకుండా పాట, బాట, మాట అని పలికి చూడండి. మూడు సార్లూ ఒకే మనిషి ఒకే పని చేస్తున్నట్టు కనిపిస్తుంది.

అచ్చుల విషయంలో పరిస్థితి కొంత మెరుగు. ఉ, ఒ పలికేటప్పుడు పెదవులు గుండ్రంగా ముందుకు వస్తాయి. ఇ, ఎ పలికేటప్పుడు పక్కలకు సాగుతాయి. అ, ఆ పలికేటప్పుడు దవడ కిందికి దిగుతుంది. అయితే తెలుగులో అచ్చు ఆకారం తెలిస్తే చాలదు, అది హ్రస్వమో దీర్ఘమో తేలాలి. ‘పెట్టను’, ‘పెట్టాను’ అన్న రెండింటి మధ్య తేడా ఆ ఒక్క దీర్ఘమే. ఒకటి నిరాకరణ, మరొకటి పని జరిగిపోయిందన్న ఒప్పుకోలు. చివర ‘ను’ బదులు ‘డు’ పెడితే కర్తే మారిపోతాడు. న, డ రెండూ నాలుక పని. రెండింటి వెనుకా ఉకారమే ఉంది కాబట్టి పెదవులు రెండుసార్లూ ఒకేలా గుండ్రమవుతాయి. అంటే పెట్టాను, పెట్టను, పెట్టాడు, పెట్టడు అనే నాలుగు మాటల్లో సంతకం జరిగిందా లేదా అన్నదీ, ఎవరు చేశారన్నదీ పెదవులకు అవతలే ఉండిపోతాయి. ఈ వివాదమంతా సరిగ్గా ఆ రెండు ప్రశ్నల మీదే నడుస్తోంది.

మొదట చేసినవి

నాకు ముందుగా అందింది వాట్సాప్‌లో చేతులు మారి వచ్చిన కాపీ. దాన్ని పక్కన పెట్టి రికార్డరు నుంచి నేరుగా తీసిన ఫైలు కావాలన్నాను. వాట్సాప్ వీడియోను మళ్ళీ కుదిస్తుంది. ఆ కుదింపులో మొదట పోయేవి పెదవుల అంచుల వంటి సన్నని వివరాలే.

అసలు ఫైలు వచ్చాక నేను చూసింది ముఖాన్ని కాదు, కాలాన్ని. రికార్డరు సెట్టింగుల్లో సెకనుకు 15 ఫ్రేములని ఉంది. నిజంగా అన్ని ఉన్నాయా అని ప్రతి ఫ్రేము సమయాన్నీ విడిగా రాబట్టాను.

```
ffprobe -v error -select_streams v:0 \
  -show_entries frame=pts_time -of csv=p=0 clip.mp4
```

సెకనుకు 15 అంటే ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య సుమారు 67 మిల్లీసెకన్లు ఉండాలి. వచ్చిన జాబితాలో చాలాచోట్ల అలాగే ఉంది. కానీ మధ్యమధ్య ఒక ఫ్రేము జారిపోయి ఆ విరామం రెట్టింపైన చోట్లు కనిపించాయి. మామూలు మాటలో ఒక్క ప కోసం పెదవులు మూసుకుని ఉండేది సెకనులో పదో వంతు, ఒక్కోసారి అంతకంటే తక్కువ. విరామం రెట్టింపైన చోట ఒక ప పూర్తిగా జారిపోవచ్చు. హ్రస్వాన్ని దీర్ఘం నుంచి వేరుచేసే తేడా కూడా ఇంచుమించు ఆ పరిమాణంలోనే ఉంటుంది. కొలిచే బద్ద మీద గీతల మధ్య దూరం కొలవాల్సిన వస్తువంత ఉంటే కొలతకు అర్థం ఉండదు.

తరువాత చిత్రం. పెద్దాయన పెదవుల వెడల్పు తెరమీద ఇరవై పిక్సెళ్లకు కాస్త ఎక్కువ. ఈ రికార్డర్లు వాడే హెచ్.264 కుదింపు చిత్రాన్ని 16 పిక్సెళ్ల చదరాలుగా విడగొట్టి పనిచేస్తుంది. అంటే నోరంతా కొద్ది చదరాల్లోనే ఇమిడిపోయింది. పైగా కెమెరా పైనుంచి చూస్తోంది. మీసం పైపెదవిని సగం కప్పేసింది.

వీడియోను స్పష్టం చేసి ఇమ్మని న్యాయవాది అడిగారు. ప్రకాశం పెంచడం, కాంట్రాస్ట్ సరిచేయడం, ముఖాన్ని పెద్దది చేయడం వరకు ఒప్పుకున్నాను. చిన్న చిత్రంలో లేని వివరాన్ని కల్పించి నింపే సాఫ్ట్‌వేర్‌కు ఒప్పుకోలేదు. అది వేల ముఖాలను చూసి నేర్చుకున్న సగటు పెదవిని ఇక్కడ అతికిస్తుంది. అలా వచ్చిన అందమైన పెదవి ఈ పెద్దాయనది కాదు. దాన్ని చదివితే వచ్చేది కూడా ఆయన మాట కాదు.

పెదవులు చదివే కంప్యూటర్ నమూనాలను కూడా ఎందుకు వాడలేదో చెప్పాలి. 2016లో ఆక్స్‌ఫర్డ్ వారి లిప్‌నెట్ 95 శాతం పదాలు సరిగ్గా చదివిందన్న వార్త చాలామందికి గుర్తుండి ఉంటుంది. ఆ పరీక్ష వాక్యాలన్నీ ఒకే అచ్చులో పోసిన ఆరు పదాల ఇంగ్లిష్ ఆదేశాలు. ప్రతి స్థానంలో రాగల పదాల జాబితా చిన్నది, ముందే తెలిసినది. టీవీ కార్యక్రమాల్లోని సహజమైన మాట మీద 2017లో ప్రచురించిన మరో పనిలో, అనుభవం ఉన్న లిప్ రీడర్ పట్టుకున్నది ఇంచుమించు నాలుగో వంతు పదాలే. యంత్రం సుమారు సగం పట్టుకుంది. అవి స్టూడియో దీపాల కింద తీసిన చక్కని దృశ్యాలు. మా ముందున్నది పైకప్పు కెమెరా, మీసం, తెలుగు.

విఫలమైనది: ఏమన్నారని అడగడం

వినికిడి పోయి, ఏళ్ల తరబడి పెదవుల మీదే ఆధారపడి తెలుగులో సంభాషించే ఇద్దరి సాయం తీసుకున్నాను. వారికి కేసు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఒకరికొకరు కలుసుకోకుండా విడివిడిగా చూపించాను. తోచింది రాయమన్నాను. తోచకపోతే ఖాళీ వదిలేయమని గట్టిగా చెప్పాను.

ఒకరు “కాగితం పెట్టాడు” అని రాశారు. మరొకరు “దగ్గరే పెట్టాడు” అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. సంతకం అన్న మాట ఇద్దరికీ రాలేదు. ఎందుకు రాలేదో చూస్తే తెలుస్తుంది. సంతకం, కాగితం, దగ్గరే అన్న మూడూ దాదాపుగా నోటి లోపలే నడిచే పదాలు. బయటికి కనిపించేది దవడ దిగడం, తరువాత పెదవులు మూసుకోవడం. ఆ మూసుకోవడానికి ముందున్నదంతా చూసేవారు తమ ఊహతో నింపుకోవాల్సిందే.

తరువాత ఒక పక్షం వాదనను మాత్రమే చెప్పి మళ్ళీ చూపించాను. ఇద్దరికీ “సంతకం పెట్టను” కనిపించింది, అది కూడా ముందటికంటే ఎక్కువ నమ్మకంతో. వీడియోలో ఒక్క పిక్సెల్ మారలేదు. అందువల్ల ఈ రెండో చదువును నివేదికలో సాక్ష్యంగా కాక, సూచన ఇస్తే చదువు ఎలా మారుతుందో చూపే ఉదాహరణగా చేర్చాను.

ఇది ఆ ఇద్దరి నైపుణ్యంలో లోపం కాదు. నా దగ్గర నేర్చుకునేవారు ఇంట్లో, బజారులో చక్కగా నెట్టుకొస్తారు. అక్కడ వారికి మాట్లాడే విషయం తెలుసు, మనిషి అలవాట్లు తెలుసు, వెలుతురు ఉన్న వైపు కూర్చునే వీలుంది. చాలామందికి వినికిడి యంత్రం ద్వారా కొంత శబ్దం కూడా అందుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, అర్థం కాకపోతే “మళ్ళీ చెప్పండి” అని అడగగలరు. శబ్దం లేని వీడియో వీటన్నిటినీ ఒక్కసారిగా లాగేసుకుంటుంది. ఎంత అడిగినా వీడియో అదే కదలికను అలాగే చూపిస్తుంది. కాబట్టి రోజువారీ జీవితంలో పనికొచ్చే నైపుణ్యం వీడియో మీద అదే ఫలితం ఇస్తుందని ఆశించడం వారికే అన్యాయం.

2006 ప్రపంచ కప్ ఫుట్‌బాల్ ఫైనల్‌లో ఫ్రాన్స్ ఆటగాడు జిదాన్ తలతో ఇటలీ ఆటగాడు మతెరాజ్జీ ఛాతీని గుద్దిన ఘటన దీనికి బహిరంగ ఉదాహరణ. అప్పుడు పత్రికలు లిప్ రీడర్లతో ఆ వీడియోలను చదివించాయి. మతెరాజ్జీ ఉగ్రవాదం ప్రస్తావన తెచ్చి దూషించాడని బ్రిటన్ పత్రికలు కొన్ని రాశాయి. తాను జిదాన్ సోదరి గురించి అసభ్యంగా అన్నానని అతడే తరువాత చెప్పాడు. ఆ పత్రికల్లో కొన్ని పరిహారం చెల్లించుకోవాల్సి వచ్చింది. మైదానం చుట్టూ ప్రపంచంలోకెల్లా మంచి కెమెరాలు ఉన్నప్పుడే అలా జరిగింది.

పనిచేసినది: ప్రశ్నను తిప్పి అడగడం

ఏమన్నారన్న ప్రశ్నకు జవాబు లేదని తేలాక, ఈ కదలికకు పొసగని మాటలు ఏవి అన్న ప్రశ్న వేసుకున్నాను. ఇది తక్కువ ఆశించే ప్రశ్న. కానీ జవాబు దొరికే ప్రశ్న.

“డబ్బు ముట్టింది” తీసుకుందాం. ఇందులో పెదవులు రెండుసార్లు మూసుకోవాలి, ‘బ్బు’ దగ్గర ఒకసారి, ‘ము’ దగ్గర ఒకసారి. మొదటిది ద్విత్వం కాబట్టి ఆ మూత మామూలు బ కంటే చాలాసేపు నిలుస్తుంది. ఒక ఫ్రేము జారిపోయినా మొత్తంగా కనిపించకుండా పోదు. రెండు మూతల తరువాతా ఉకారం ఉంది, పెదవులు గుండ్రంగా ముందుకు రావాలి. చివర ఇకారంతో పక్కలకు సాగాలి. “సంతకం పెట్టాను” జాతి మాటల్లో ఇందుకు పూర్తిగా భిన్నమైన క్రమం ఉంటుంది. సున్నా, ప కలిసి మధ్యలో ఒకే పొడవైన మూత, ఆ వెంటనే పక్కలకు సాగే ఎకారం, గుండ్రం కావడం చివర్లో మాత్రమే. వీడియోలో ఉన్నది ఈ రెండో క్రమం. ముందే ఏమీ తెలియని ఇద్దరు చదువరులూ పదాల్లో విడిపోయినా, మధ్యలో ఒక్క మూత, చివర గుండ్రం అన్న ఆకారం దగ్గర ఒక్కటిగానే ఉన్నారు.

ఇది నా కంటి మాటగా మిగలకూడదని నియంత్రిత పరీక్ష పెట్టాం. అదే గది, అదే కెమెరా, అదే కుర్చీ. ఇంచుమించు అదే వయసు, అలాంటి మీసం ఉన్న ఒక వ్యక్తి చేత, పెద్దాయన అని ఉండవచ్చనుకున్న వాక్యాలన్నీ వరుస కలిపేసి పలికించాం. ఏ సమయంలో ఏది పలికాడో తెలిసేలా శబ్దాన్ని విడిగా రికార్డు చేశాం. కేసుతో సంబంధం లేనివారికి శబ్దం లేకుండా ఆ ముక్కలు చూపించి, జాబితాలోంచి ఎంచుకోమన్నాం. “డబ్బు ముట్టింది” అన్నదాన్ని దాదాపు ప్రతిసారీ సరిగ్గా వేరుచేశారు. పెట్టాను, పెట్టను, పెట్టాడు, పెట్టడు మధ్య మాత్రం ఎంపిక కళ్ళు మూసుకుని తీసినట్టే వచ్చింది.

ఆ పరీక్ష విలువ అదే. ఈ కెమెరాతో, ఈ కోణంలో ఏ తేడా కనిపిస్తుందో, ఏది కనిపించదో అది చూపించింది. నైపుణ్యం గురించిన సాధారణ హామీలకంటే ఇది న్యాయమూర్తికి ఎక్కువ ఉపయోగం.

ఆ వాక్యం తరువాత పెద్దాయన తల పక్కకు ఊపడాన్ని నిరాకరణకు రుజువుగా చూపాలని న్యాయవాది అనుకున్నారు. మన దగ్గర సరేననడానికీ తల అడ్డంగానే ఊగుతుంది కాబట్టి దానికి నేను ఒప్పుకోలేదు.

శబ్దం కొద్దిగా దొరికాక

ఇంకెవరి దగ్గరైనా ఆ సమయంలో ఏదైనా శబ్దం నమోదైందా అని అడగమని న్యాయవాదికి చెప్పాను. వీడియోలో పెద్దాయన పక్కనే ఒక బంధువు ఫోన్‌లో మాట్లాడుతూ కనిపిస్తున్నారు. ఆయన ఫోన్‌లో కాల్స్ రికార్డయ్యే ఏర్పాటు ఉందని తేలింది. ఆ కాల్ వెనుక సన్నగా ఇంకో గొంతు వినిపిస్తోంది. ఎవరిదో తెలియదు. ఫ్యాను చప్పుడు ఉంది. పైగా వెనుక శబ్దాలను అణచివేయడానికి ఫోన్ చేసే ప్రయత్నంలో ఆ గొంతు మధ్యమధ్య తెగిపోతోంది.

వీడియోనూ ఆడియోనూ ఒకే కాలరేఖ మీదికి తేవడానికి దస్తావేజు లేఖరి రబ్బరు ముద్రలు ఉపయోగపడ్డాయి. చెయ్యి కిందికి దిగడం వీడియోలో కనిపిస్తోంది, దెబ్బ ఆడియోలో వినిపిస్తోంది. దెబ్బల మధ్య విరామాలు ఒకదానికొకటి సమానంగా లేవు కాబట్టి వరుసను తప్పుగా జోడించే అవకాశం తక్కువ.

అలా జోడించాక పెదవులు పనికొచ్చాయి. ఆ సన్నని గొంతులో పకారం ముందు వచ్చే నిశ్శబ్దం, పెద్దాయన పెదవులు మూసుకున్న ఫ్రేములు కలిశాయి. మాట మొదలు, ముగింపు కూడా కలిశాయి. గదిలో ఆ క్షణంలో ముఖం కనిపిస్తున్న మిగతావారి నోళ్లు కదలడం లేదు. ఆ గొంతు పెద్దాయనదేనన్న దానికి ఇది మంచి ఆధారం.

ఇక్కడ కన్నూ చెవీ ఒకదాని లోటు మరొకటి పూడ్చాయి. చప్పుడులో మొదట చెడేది ధ్వని నోట్లో ఎక్కడ పుట్టిందన్న సమాచారం, అంటే ప, త, క మధ్య తేడా. పెదవులు బాగా చెప్పేది దాన్నే. పెదవులు చెప్పలేని దీర్ఘం, కంఠనాదం, ముక్కు ధ్వని కొంత చప్పుడున్నా చెవికి అందుతాయి. చప్పుడులో మాట్లాడేవారి ముఖం కనిపిస్తే మాట ఎంత బాగా అర్థమవుతుందో 1954లోనే సంబీ, పొలాక్ అనే పరిశోధకులు కొలిచి చూపారు. శబ్దం అసలే లేకపోతే ఆ సాయానికి ఆధారమే ఉండదు.

అదే రికార్డింగులో అదే గొంతు పలికిన ఇతర హ్రస్వ, దీర్ఘాల నిడివితో పోల్చి చూస్తే ‘ట్ట’ తరువాతి అచ్చు దీర్ఘాల గుంపులో పడింది. వాక్యాల చివర అచ్చులు సాగుతాయి కాబట్టి చివరి స్థానంలో ఉన్న పదాలతోనే పోల్చాను. అందువల్ల ‘పెట్టను’, ‘పెట్టడు’ రెండూ వెనక్కి వెళ్ళాయి. చివరి హల్లు దగ్గర ఫోన్ శబ్దాన్ని అణచేసింది. అది న కావచ్చు, డ కావచ్చు.

నివేదికలో ఏం రాశాను

“డబ్బు ముట్టింది” అన్న వాక్యం ఈ కదలికకు పొసగదని రాశాను. కాల్ వెనుక గొంతు పెద్దాయనదే కావడానికి వీడియో బలమైన మద్దతు ఇస్తోందని రాశాను. అచ్చు దీర్ఘమన్న అభిప్రాయం ఆడియో నుంచి వచ్చిందని, వీడియో నుంచి కాదని విడిగా, మొదటి పేజీలోనే పెట్టాను. సంతకం తానే పెట్టానన్నారా, వేరొకరు పెట్టారన్నారా అన్నది తేల్చలేమని అంతే స్పష్టంగా రాశాను. ఆ వాక్యం తీసేయమని నన్ను పిలిచిన పక్షం అడిగింది. అది తీసేస్తే మిగతాదానికి నేను సంతకం చేయనని చెప్పాను.

ఇంగ్లండ్ అప్పీలు కోర్టు 2004లో లట్రెల్ కేసులో పెదవుల చదువును సాక్ష్యంగా అనుమతించింది. అయితే దానిలో తప్పులు జరిగే అవకాశం గురించి జ్యూరీని ప్రత్యేకంగా హెచ్చరించాలని చెప్పింది. వెలుతురు, కోణం, దూరం, చదివేవారి నైపుణ్యం లెక్కలోకి రావాలన్నది ఆ తీర్పు సారం. అప్పటి నుంచి నా నివేదికల్లో ఈ నాలుగింటికీ విడి పేరాలు ఉంటున్నాయి. తెలుగు కేసుల్లో వాటికి ఇంకొకటి కలుపుతాను. వివాదం నడుస్తున్న అర్థభేదం పెదవుల మీద కనిపించే ధ్వని వల్ల వస్తోందా, నోటి లోపలి ధ్వని వల్లనా, అచ్చు నిడివి వల్లనా? రెండో, మూడో జవాబు వస్తే, శబ్దం ఎక్కడైనా దొరుకుతుందేమో వెతకమని చెప్పి ఫైలు తిరిగి ఇచ్చేస్తాను.

ఒప్పందం మీదున్న సంతకం ఎవరిదన్న ప్రశ్న చివరికి చేతిరాత నిపుణుల పరిశీలనకు వెళ్ళింది.